ఫొటోలో వచ్చిన వర్గ సమీకరణం లెక్క: మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది, కింద "మామయ్యా ఇది రావట్లేదు, రేపు చూపించాలి" అని. టెన్త్ చదువుతోంది. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని ట్యూబ్‌లైట్ కింద తీసినట్టుంది, పేజీ ఒక పక్కకి వంగి ఉంది, కుడి అంచు మీద బొటనవేలు, మధ్యలో సొంత నీడ. వర్గ సమీకరణాల పాఠం, కారణాంక పద్ధతిలో చేయమన్నారంట. ఫొటోలో నేను చదవగలిగినంతలో లెక్క ఇది:

"ఒక దీర్ఘచతురస్రాకార కూరగాయల మడి పొడవు, దాని వెడల్పుకు రెట్టింపు కంటే 8 మీ. ఎక్కువ. మడి వైశాల్యం 65 చ.మీ. అయితే పొడవు, వెడల్పులు కనుగొనుము."

ఆ 8 తప్పు అని తర్వాత తెలిసింది, ఎలా తెలిసిందో అక్కడికి వచ్చినప్పుడు చెప్తా. ఈ లెక్క అసలు ఏమీ రాని వాళ్లకి కూడా అర్థమయ్యేలా ఒక్కో లైన్ ఎందుకు రాస్తున్నామో చెప్పుకుంటూ పోదాం.

ముందు ఫొటోలోంచి కాగితం మీదకి

ఫోన్ చూస్తూ డైరెక్ట్‌గా లెక్క మొదలుపెట్టకండి. వాక్యం మొత్తం మీ చేత్తో ఒకసారి కాగితం మీద ఎక్కించుకోండి, రాస్తుంటేనే ఎక్కడ అంకె తేడాగా ఉందో, ఎక్కడ అక్షరం కనపడట్లేదో బయటపడుతుంది. అనుమానం ఉన్న చోట కింద గీత గీసి పెట్టుకోండి. నేను ఆ రోజు ఈ పని బద్ధకించా, అందుకే రెండుసార్లు చేయాల్సొచ్చింది.

అంకె అర్థం కాకపోతే జూమ్ ఒక్కటే సరిపోదు, అదే పిల్ల అదే పేజీలో అదే అంకె ఇంకెక్కడ రాసిందో వెతకాలి. ఒక్కొక్కళ్ల 1 కి 7 కి తేడా ఉండదు, కొందరి 5 అచ్చం 6 లాగా ఉంటుంది, కానీ ఎవరి రాత వాళ్లకి ఒకే తీరులో ఉంటుంది కదా, పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఫొటో పంపేవాళ్లకి కూడా ఒక మాట. నోట్‌బుక్ బల్ల మీద పరిచి, సరిగ్గా పైనుంచి, వెలుతురు పక్కనుంచి వచ్చేలా తీయండి, లైట్ నెత్తి మీద ఉంటే మీ నీడే పడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోయి సన్న గీతలు అలుక్కుపోతాయి, హెచ్‌డీ అని పెట్టుకుని గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపితే నయం.

తెలియనిదానికి పేరు పెట్టడం

అడిగింది రెండు, పొడవూ వెడల్పూ. రెండింటికీ రెండు అక్షరాలు పెట్టాలా? అక్కర్లేదు, ఎందుకంటే పొడవు ఎంతో వెడల్పుతో పోల్చి చెప్పేశారు. ఎవరితో పోల్చారో వాళ్లకి x ఇస్తే రెండోది దానంతటదే వస్తుంది. పొడవు "వెడల్పుకు రెట్టింపు కంటే" అన్నారు కాబట్టి వెడల్పు x మీటర్లు.

ఇప్పుడు పొడవు. ఇక్కడే చాలామంది జారతారు, మా పిల్ల కూడా నోట్‌బుక్‌లో కింద పెన్సిల్‌తో 2(x + 8) అని రాసి కొట్టేసింది. "రెట్టింపు కంటే 8 ఎక్కువ" అంటే ముందు రెట్టింపు చేసి, ఆ తర్వాత 8 కలపాలి. బ్రాకెట్ పెట్టి బయట 2 రాస్తే ముందు 8 కలిపి తర్వాత మొత్తాన్ని రెట్టింపు చేసినట్టు, అప్పుడు కలిసేది 8 కాదు, 16. అనుమానం వస్తే x తీసేసి ఒక మామూలు అంకె పెట్టి చూడండి: వెడల్పు 4 అనుకుంటే రెట్టింపు 8, దానికంటే 8 ఎక్కువంటే 16. 2x + 8 లో 4 వేస్తే 16 వస్తుంది, 2(x + 8) లో వేస్తే 24 వస్తుంది. వాక్యం చెప్పింది 16. ఏది రాయాలో తేలిపోయింది.

వాక్యం సమీకరణం అవడం

దీర్ఘచతురస్రం వైశాల్యం అంటే పొడవు గుణకారం వెడల్పు. అది 65 అన్నారు.

```
x(2x + 8) = 65
2x² + 8x = 65
2x² + 8x − 65 = 0
```

రెండో లైన్‌లో x ని లోపలికి పంచాం, 2x తో ఒకసారి, 8 తో ఒకసారి. 8 తో గుణించడం మర్చిపోయి 2x² + 8 అని రాసేవాళ్లు ఉంటారు, చూసుకోండి. మూడో లైన్‌లో 65 ని ఇటు తెచ్చాం, అంటే రెండు వైపులా 65 తీసేశాం, కుడివైపు సున్నా మిగిలింది. ఆ సున్నా ఎందుకు కావాలో కాసేపట్లో.

మధ్య పదాన్ని విడగొట్టే జత వెతకడం

టీచర్లు ఇలా చెప్తారు: మొదటి గుణకాన్నీ చివరి స్థిరపదాన్నీ గుణించు, ఆ లబ్ధం వచ్చేలా, కలిపితే మధ్య గుణకం వచ్చేలా రెండు సంఖ్యలు పట్టు. పిల్లలు బట్టీ పట్టేస్తారు, ఎందుకు గుణించాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఒక చిన్నది ఎదురు దిశలో చేసి చూద్దాం. (2x + 1)(x + 4) ని గుణిస్తే

```
2x² + 8x + x + 4
```

వస్తుంది. మధ్యలో రెండు ముక్కలున్నాయి, 8x, 1x. వాటి అంకెల్ని గుణిస్తే 8. మొదటి అంకె 2, చివరి అంకె 4, వాటిని గుణించినా 8. ఇది ఏదో కలిసిరావడం కాదు. మధ్యలోని 8 వచ్చింది 2 ని 4 తో గుణిస్తే, మధ్యలోని 1 వచ్చింది 1 ని 1 తో గుణిస్తే, మొదట్లో 2, చివర్లో 4 వచ్చిందీ అవే నాలుగు అంకెల్ని గుణిస్తేనే, జతలు మారాయంతే. అందుకే లబ్ధం ఎప్పుడూ ఒకటే. మధ్య ముక్కలు కలిసిపోయి 9x అయిపోయాక వాటిని మళ్లీ విడదీయాలంటే మన దగ్గర మిగిలిన ఆధారం ఆ లబ్ధమే.

ఇక మన లెక్క. 2 ఇంటూ మైనస్ 65 అంటే మైనస్ 130. లబ్ధం మైనస్ కాబట్టి జతలో ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్. అంటే కలపడం అన్నది నిజానికి తీసివేతే, రెండింటి మధ్య తేడా 8 రావాలి. గుడ్డిగా వెతక్కుండా 1 నుంచి మొదలుపెట్టి 130 ని ఏవి భాగిస్తాయో వరసగా చూసుకుంటూ పోవాలి. 11 దగ్గర ఆపొచ్చు, 12 ఇంటూ 12 అంటేనే 144, 130 దాటిపోయింది, ఆ పైనవన్నీ ముందు జతలే తిరగబడి వస్తాయి.

```
1 × 130   తేడా 129
2 × 65    తేడా 63
5 × 26    తేడా 21
10 × 13   తేడా 3
```

ఇంతే, ఇంకో జత లేదు. 8 ఎక్కడా లేదు!

ఇక్కడ ఆగి ఆలోచించాలి. జత దొరక్కపోతే మూడు కారణాలు ఉండొచ్చు. నేను గుణకారం తప్పు చేసి ఉండాలి, లేదా లెక్క తప్పుగా చదివి ఉండాలి, లేదా ఆ సమీకరణం నిజంగానే పూర్ణసంఖ్యలతో విడిపోనిది అయ్యుండాలి. మూడోది జరుగుతుంది, అలాంటి వాటికి వర్గం పూర్తి చేయడమో సూత్రమో వాడతారు. కానీ ఇది కారణాంక పద్ధతి కిందే ఇచ్చిన లెక్క, విడిపోయేలా చూసుకునే ఇస్తారు. గుణకారం మళ్లీ చూశా, బాగానే ఉంది. మిగిలింది నా చదవడం.

ఆ లిస్టులోనే చివర 3 కనిపిస్తోంది చూశారా. ఫొటో మళ్లీ తెరిచా. ప్రశ్న నంబర్ కూడా ఎనిమిదే, పేజీ పైన ఎడమవైపు వేసుకుంది, ఆ 8 ని గట్టిగా రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు మూసేసి రాసింది. లెక్కలో ఉన్న అంకెకి ఎడమవైపు రెండు నోళ్లూ తెరిచే ఉన్నాయి, కాకపోతే నోట్‌బుక్ మార్జిన్ గీత సరిగ్గా వాటిని మూస్తూ పోయింది. అది 3. పొడవు 2x + 3, సమీకరణం ఇది:

```
2x² + 3x − 65 = 0
```

లబ్ధం అదే మైనస్ 130, కావాల్సింది ప్లస్ 3. జత 10, 13. మొత్తం ప్లస్ రావాలి కాబట్టి పెద్దదానికి ప్లస్, చిన్నదానికి మైనస్. ప్లస్ 13, మైనస్ 10. రెండూ సరిచూసుకోండి: కలిపితే 3, గుణిస్తే మైనస్ 130.

రెండు రెండుగా తీసి కామన్ బయటికి

```
2x² + 13x − 10x − 65 = 0
x(2x + 13) − 5(2x + 13) = 0
(2x + 13)(x − 5) = 0
```

మొదటి లైన్‌లో 3x ని 13x − 10x అని రాశామంతే, విలువేం మారలేదు. మొదటి రెండు పదాల్లో ఉమ్మడిగా ఉన్నది x, బయటికి తీశాం. తర్వాతి రెండింట్లో ఉమ్మడిగా 5 ఉంది, కానీ రెండూ మైనస్‌లే కాబట్టి మైనస్ 5 బయటికి తీస్తాం, అప్పుడు లోపల రెండూ ప్లస్ అవుతాయి. ఇక్కడ − 5(2x − 13) అని రాస్తే పని చెడిపోతుంది, ఎందుకంటే మైనస్ 5 ని మైనస్ 13 తో గుణిస్తే ప్లస్ 65 వస్తుంది, మనకున్నది మైనస్ 65.

గుర్తు తప్పిందో లేదో తెలుసుకోవడానికి సులువు ఏంటంటే, రెండు బ్రాకెట్లలో అచ్చం ఒకటే ఉండాలి, గుర్తుతో సహా. లేకపోతే ముందుకి పోకండి. ఉంటే, ఆ బ్రాకెట్ మొత్తాన్ని ఒకే వస్తువు అనుకోండి. x బ్రాకెట్లలోంచి 5 బ్రాకెట్లు తీసేస్తే (x − 5) బ్రాకెట్లు, అలా వచ్చిందే మూడో లైన్.

జతని తిప్పి − 10x + 13x అని రాసినా పర్లేదు. అప్పుడు 2x(x − 5) + 13(x − 5) అవుతుంది, చివరికి అవే రెండు బ్రాకెట్లు.

సున్నా పని ఇక్కడ

రెండు సంఖ్యల్ని గుణిస్తే సున్నా వచ్చిందంటే, వాటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలి, ఇంకో దారి లేదు. ఈ గుణం సున్నాకే ఉంది, 65 కి లేదు. గుణిస్తే 65 వచ్చిందంటే 5 ఇంటూ 13 అవ్వొచ్చు, 1 ఇంటూ 65 అవ్వొచ్చు, 6.5 ఇంటూ 10 కూడా అవ్వొచ్చు, లెక్కే లేదు. అందుకే మొదట్లో అంతా ఒక వైపుకి తెచ్చి సున్నా చేసుకున్నాం.

మా పిల్ల ఇక్కడ తెలివిగా అడిగింది. "మామయ్యా, x(2x + 3) = 65 దగ్గరే 65 ని 5 ఇంటూ 13 అని రాసేస్తే x అంటే 5, 2x + 3 అంటే 13, అయిపోయింది కదా, ఇదంతా ఎందుకు?" నిజమే, సరిగ్గా కుదిరింది. కుదిరింది ఎందుకంటే ఈ మడి కొలతలు పూర్ణసంఖ్యలు కాబట్టి. ఇదే మడికి వైశాల్యం 65 బదులు 35 అని ఇస్తే 1, 5, 7, 35 వీటిలో ఏది వెడల్పుగా పెట్టినా కుదరదు. దాన్ని చివర్లో చేద్దాం.

ఇప్పుడు ఒక్కో బ్రాకెట్‌ని సున్నా చేస్తే:

```
x − 5 = 0     →  x = 5
2x + 13 = 0   →  x = −13/2
```

రెండో విలువని చాలామంది ఏదో తప్పు చేశామేమో అనుకుని కొట్టేస్తారు. తప్పేం లేదు, అది కూడా ఆ సమీకరణానికి మూలమే. x స్థానంలో మైనస్ 6.5 పెట్టండి, 2x + 3 అంటే మైనస్ 10 అవుతుంది, రెండు మైనస్‌లు గుణిస్తే 65. సమీకరణానికి అక్కడ మడి ఉందని తెలియదు కదా, దానికి అంకెలే తెలుసు. మడి వెడల్పు మైనస్ ఉండదని చెప్పాల్సింది మనం, అందుకని పరీక్షలో ఆ విలువని రాసి, పక్కనే "వెడల్పు రుణాత్మకం కాదు కాబట్టి x = −13/2 తీసుకోము" అని ఒక లైన్ రాయాలి.

వెడల్పు 5 మీటర్లు, పొడవు 2 ఇంటూ 5 ప్లస్ 3, 13 మీటర్లు. x దొరికింది కదా అని 5 రాసి వదిలేయకండి, రెండూ అడిగారు.

సరిచూసుకునేటప్పుడు మీరు రాసుకున్న సమీకరణంలో కాదు, ప్రశ్న వాక్యంలో పెట్టి చూడండి, సమీకరణమే తప్పుగా రాసుంటే దాంట్లో చక్కగా సరిపోతుంది మరి. వెడల్పు 5, రెట్టింపు 10, దానికంటే 3 ఎక్కువ 13. 13 ఇంటూ 5, 65. సరిపోయింది.

బొటనవేలు సంగతి

ఇక్కడితో అయిపోయిందనుకుని నీట్‌గా రాసి ఫొటో తీసి పంపబోతూ, ప్రశ్న ఇంకోసారి చూశా. నేను "ఎక్కువ" అని చదివిన చోట నిజానికి కనిపిస్తున్నది "క్కువ" మాత్రమే. మొదటి అక్షరం వేలి కింద ఉంది. అది "తక్కువ" అయితే?

జత పరీక్ష ఒకసారి కాపాడింది కదా, ఇదీ పట్టుకుంటుందిలే అని అలాగే చేసి చూశా:

```
2x² − 3x − 65 = 0
2x² − 13x + 10x − 65 = 0
x(2x − 13) + 5(2x − 13) = 0
(2x − 13)(x + 5) = 0
x = 13/2
```

చక్కగా విడిపోయింది! వెడల్పు ఆరున్నర మీటర్లు, పొడవు 13 లోంచి 3 తీస్తే 10, వైశాల్యం 65. వాక్యంలో పెట్టి చూసినా సరిపోతుంది. అంకె మారితే తేడా వేరే కావాలి కాబట్టి చాలాసార్లు లిస్టులో దొరకదు, ఇక్కడ గుర్తు మాత్రమే మారింది, తేడా అదే 3, జత అదే, ప్లస్ మైనస్ అటూ ఇటూ అయ్యాయంతే. అంకె తప్పు చదివినా ఒక్కోసారి ఇలాగే దాటిపోతుంది, 3 బదులు 21 అని చదివి ఉంటే 5 × 26 దొరికేది. అంటే జత దొరకలేదంటే అనుమానించాలి గానీ, జత దొరికింది కాబట్టి సరిగ్గా చదివాం అనుకోకూడదు.

ఇలాంటప్పుడు అడగడం తప్ప దారి లేదు. "బుజ్జీ, వేలు తీసి ఇంకో ఫొటో పెట్టు" అన్నా. రెండు నిమిషాల్లో పెట్టింది, ఎక్కువే.

ఇది మీరు చేయండి

అదే మడి, పొడవు వెడల్పుకు రెట్టింపు కంటే 3 మీ. ఎక్కువ, వైశాల్యం 35 చ.మీ. కింద చూడకుండా ముందు చేసుకోండి.

సమీకరణం 2x² + 3x − 35 = 0. లబ్ధం మైనస్ 70, జతలు 1 × 70, 2 × 35, 5 × 14, 7 × 10, తేడా 3 వచ్చేది చివరిదే. ప్లస్ 10, మైనస్ 7.

```
2x² + 10x − 7x − 35 = 0
2x(x + 5) − 7(x + 5) = 0
(x + 5)(2x − 7) = 0
```

x విలువ మైనస్ 5 అయినా కావాలి, 7/2 అయినా కావాలి. మైనస్ కుదరదు కాబట్టి వెడల్పు మూడున్నర మీటర్లు, పొడవు 7 ప్లస్ 3, 10 మీటర్లు. మూడున్నర ఇంటూ పది, 35.

ఇది పంపితే మా పిల్ల పదిన్నరకి చేసి ఫొటో పెట్టింది. ఈసారి పైనుంచే తీసింది, వేలు లేదు, కానీ మైనస్ 7 బయటికి తీసిన చోట లోపల x − 5 రాసి, దాన్ని కొట్టేసి మళ్లీ x + 5 రాసుకుంది.